బీరు, వైను, విస్కీ, అందులో కలుపుకునే పానీయాలు: కేలరీలను, చక్కెరను సరిపోల్చుకోవడం ఎలా?

బరువు తగ్గాలని ఆహార పట్టిక రాయించుకున్నవారు వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి, గొంతు కాస్త తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. ‘బీరు మానేసి విస్కీకి మారితే బరువు తగ్గుతానా? అందులో చక్కెర ఉండదంటున్నారు కదా?’ వారానికి ఒకరైనా ఈ మాట అడుగుతారు. విస్కీలో చక్కెర లేదన్నది నిజమే. అంత మాత్రాన కేలరీలు లేవనుకోవడమే పొరపాటు. మద్యంలోని కేలరీలలో ఎక్కువ భాగం ఆల్కహాల్ నుంచే వస్తుంది, చక్కెర నుంచి కాదు. అందుకని ముందు ఆల్కహాల్‌ను లెక్కగట్టి, ఆ తరువాత చక్కెరను, చివరకు కలుపుకునే పానీయాన్ని చూడాలి. ఈ వరుసలో చూస్తే ఏ సీసానైనా రెండు నిమిషాలలో మీరే అంచనా వేసుకోగలుగుతారు.

ఈ లెక్క ఇప్పటికే తాగే అలవాటున్నవారు తమ కేలరీలను తెలుసుకోవడానికే ఉద్దేశించినది. తాగనివారికి ఇందులో పనికివచ్చేది ఏమీ లేదు. గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, డాక్టరు మద్యం వద్దని చెప్పినవారు ‘తక్కువ కేలరీల మద్యం’ కోసం వెతకకూడదు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్నవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ వంటి ప్రమాదాలు రావచ్చు కనుక డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

కావలసినవి

మీరు తాగే మద్యం సీసా, అందులో కలుపుకునే పానీయం సీసా, రెండూ లేబుళ్లతో సహా దగ్గర పెట్టుకోండి. మి.లీ. గీతలున్న కొలత కప్పు ఒకటి కావాలి. దగ్గు మందు సీసాతో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు అయినా సరిపోతుంది. వంటింట్లో డిజిటల్ తూకం ఉంటే ఇంకా మంచిది, లేకపోయినా పని ఆగదు. ఫోనులోని కాలిక్యులేటరు, రాసుకోవడానికి ఒక చిన్న పుస్తకం ఉంటే చాలు. ఇక్కడ కేలరీ అని రాసిన ప్రతిచోటా ఆహార ప్యాకెట్ల మీద కనిపించే కిలోకేలరీ అనే అర్థం.

1. సీసా మీద ఆల్కహాల్ శాతాన్ని చూడండి

మన దగ్గర అమ్మే మద్యం సీసాల మీద పోషక విలువల పట్టిక సాధారణంగా కనిపించదు. అయితే ఆల్కహాల్ శాతం మాత్రం తప్పకుండా ఉంటుంది, మనకు ఆధారం అదే. మన దేశంలో తయారయ్యే విస్కీ, బ్రాందీ, రమ్ము, వోడ్కా, జిన్ను సీసాలలో ఎక్కువ వాటి మీద 42.8 శాతం అని ఉంటుంది. కొన్నింటి మీద దీన్నే 75 డిగ్రీల ప్రూఫ్ అని రాస్తారు. రెండూ ఒకటే. 75 అన్న అంకెను చూసి అది ఆల్కహాల్ శాతమని భయపడకండి. విదేశాల నుంచి వచ్చే సీసాలలో 40 శాతం కూడా ఎక్కువగా కనిపిస్తుంది.

బీరు దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్తగా చదవాలి. లేబుల్ మీద ఒక్క అంకె కాకుండా ‘5 శాతానికి మించదు’ అనో, ‘5 శాతానికి మించి, 8 శాతానికి లోబడి’ అనో ఉంటుంది. మొదటిది మామూలు లాగర్, రెండవది స్ట్రాంగ్ బీరు. స్ట్రాంగ్ బీరులో అసలు శాతం ఆరో, ఏడో, ఎనిమిదో మనకు తెలియదు కనుక లెక్కలో పై అంకెనే, అంటే 8నే తీసుకోండి. బరువు విషయంలో అంచనా కాస్త ఎక్కువైతే నష్టం లేదు. తక్కువైతేనే మోసపోతాం.

హైదరాబాదులోని మైక్రోబ్రూవరీలలో మగ్గులతో ఇచ్చే బీరుకు లేబుల్ ఉండదు. ఏ రకం బీరు ఎంత శాతమో మెనూలో ఉంటుంది, లేకపోతే అడిగితే చెబుతారు. మగ్గు ఎన్ని మి.లీ.లో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.

2. గ్లాసులో ఎంత పోస్తున్నారో కొలవండి

ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. చిన్న పెగ్గు అంటే 30 మి.లీ., పెద్ద పెగ్గు అంటే 60 మి.లీ. బారులో కొలత గిన్నెతో పోస్తారు కనుక అక్కడ ఈ అంకెలను నమ్మవచ్చు. ఇంట్లో మాత్రం చేతి వాటంగా పోసుకుంటాం.

మా మేనమామ గారు ‘నేను రెండు పెగ్గులకు మించి ఎప్పుడూ ముట్టను’ అని చెప్పేవారు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఒక సంక్రాంతి రోజు సాయంత్రం ఆయన అలవాటుగా వాడే స్టీలు గ్లాసులో మామూలుగా పోసుకునేంత పోయమని అడిగి, దానిని దగ్గు మందు కప్పుతో కొలిచాను. 10 మి.లీ. కప్పు ఎనిమిది సార్లు నిండి, తొమ్మిదోసారి సగం దాకా వచ్చింది. అంటే 85 మి.లీ. ‘ఒరేయ్, ఇరవై ఏళ్లుగా నా పెగ్గు ఇదేరా!’ అని ఆయన ఆశ్చర్యపోయారు. స్టీలు గ్లాసులో మట్టం బయటికి కనబడదు, పైగా గ్లాసు అడుగు వెడల్పుగా ఉంటే కొంచెం ఎత్తులోనే చాలా ద్రవం పడుతుంది. ఆయన రెండు పెగ్గులు నిజానికి 170 మి.లీ., అంటే దాదాపు ఒక క్వార్టరు.

మీరూ ఇలాగే చేయండి. మామూలుగా పోసుకునేంత పోసి, ఏమీ కలపక ముందే కప్పుతో కొలవండి. తూకం ఉంటే ఖాళీ గ్లాసును పెట్టి సున్నా చేసి, అందులో పోయండి. 60 మి.లీ. విస్కీ సుమారు 57 గ్రాములు తూగుతుంది, ఎందుకంటే ఆల్కహాల్ నీటికన్నా తేలిక. కప్పు గానీ తూకం గానీ లేకపోతే ఇంకో మార్గం ఉంది. 180 మి.లీ. క్వార్టరు సీసా మీ గ్లాసులో ఎన్నిసార్లు వచ్చిందో గమనించండి. మూడుసార్లు వస్తే మీ పెగ్గు 60. రెండుసార్లకే అయిపోతే అది 90.

3. ఆల్కహాల్ కేలరీలను లెక్కగట్టండి

సూత్రం ఒక్కటే. మి.లీ.ను శాతంతో గుణించి, వచ్చినదాన్ని 18తో భాగించండి.

మి.లీ. × శాతం ÷ 18 = ఆల్కహాల్ కేలరీలు

ఒక గ్రాము ఆల్కహాల్ 7 కేలరీలను ఇస్తుంది, ఒక మి.లీ. ఆల్కహాల్ 0.789 గ్రాములు తూగుతుంది. ఆ రెండింటినీ కలిపి సులువు చేస్తే ఈ 18 వచ్చింది. ఒక గ్రాము చక్కెర ఇచ్చేది 4 కేలరీలే కనుక గ్రాముకు గ్రాము చూస్తే ఆల్కహాల్‌లోనే కేలరీలు ఎక్కువ.

60 మి.లీ. విస్కీని తీసుకుందాం. 60ని 42.8తో గుణిస్తే 2,568. దాన్ని 18తో భాగిస్తే సుమారు 143 కేలరీలు. క్వార్టరుకు 428. బ్రాందీ అయినా, రమ్ము అయినా, వోడ్కా అయినా శాతం ఒకటే అయితే అంకె కూడా ఇదే. రంగు లేదు కనుక వోడ్కా తేలికైనదని అనుకునేవారు ఉన్నారు. రంగుకు, కేలరీలకు సంబంధం లేదు.

ఇప్పుడు 650 మి.లీ. స్ట్రాంగ్ బీరుకు ఇదే లెక్క వేయండి. 650ని 8తో గుణించి 18తో భాగిస్తే 289 వస్తుంది. రెండు పెద్ద పెగ్గుల విస్కీలోని ఆల్కహాల్ కేలరీలు 286. అంటే ఒక స్ట్రాంగ్ బీరు సీసాలో ఉన్న ఆల్కహాల్, రెండు పెద్ద పెగ్గులలో ఉన్న ఆల్కహాల్ దాదాపు సమానం. ‘ఒక్క బీరే కదా’ అన్నప్పుడు ఈ పోలిక గుర్తుకు రావాలని నా కోరిక.

4. మద్యంలోనే ఉన్న పిండి పదార్థాలను, చక్కెరను కలపండి

విస్కీ, బ్రాందీ, రమ్ము, వోడ్కా, జిన్ను కాచి, ఆవిరిని చల్లార్చి తీసినవి కనుక చక్కెర లేనట్టే లెక్క. ఇక్కడ కలపవలసింది ఏమీ లేదు. తియ్యగా, చిక్కగా ఉండే లిక్కర్లు, క్రీము కలిపిన రకాలు మాత్రం ఈ కోవలోకి రావు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ. తాగినప్పుడు పెదవులకు అంటుకునేంత తీపి ఉంటే దాన్ని మిఠాయితో సమానంగా చూడండి.

బీరు సంగతి వేరు. బార్లీ మొలకల నుంచి వచ్చిన చక్కెరను పులియబెట్టే ఈస్టు చాలావరకు తినేస్తుంది, దానికి అరగని పిండి పదార్థాలు మాత్రం మిగిలిపోతాయి. అందుకే బీరులో చక్కెర చాలా తక్కువ ఉన్నా పిండి పదార్థాలు 100 మి.లీ.కు మూడు నాలుగు గ్రాముల దాకా ఉంటాయి. లెక్క సులువు కావడానికి 650 మి.లీ. సీసాకు 95, 500 మి.లీ. టిన్నుకు 75, 330 మి.లీ. చిన్న సీసాకు 50 కేలరీలు కలపండి. గోధుమ బీరు, నల్ల బీరు వంటి చిక్కటి రకాలకు ఇంకొంచెం ఎక్కువే వేసుకోవాలి.

ఇలా చూస్తే 650 మి.లీ. మామూలు లాగర్‌కు ఆల్కహాల్ నుంచి 180, పిండి పదార్థాల నుంచి 95, మొత్తం 275 కేలరీలు. స్ట్రాంగ్ బీరుకు 289, 95 కలిసి దాదాపు 385. ఒకే పరిమాణం, ఒకే రూపం ఉన్న రెండు సీసాల మధ్య 110 కేలరీల తేడా ఉంది. అది చక్కెర వల్ల వచ్చినది కాదు.

వైను విషయంలో లేబుల్ మీద ‘డ్రై’ అన్న మాట కోసం చూడండి. డ్రై వైనులో చక్కెర లీటరుకు నాలుగు గ్రాముల దరిదాపులో ఉంటుంది, అంటే 150 మి.లీ. గ్లాసుకు ఒక గ్రాము కూడా రాదు. 12 శాతం వైను అయితే ఆ గ్లాసుకు ఆల్కహాల్ నుంచి 100 కేలరీలు వస్తాయి. వైనులో ఉండే ఆమ్లాలు, గ్లిజరిన్ వంటి వాటికి మరో 20 కలిపితే 120. తియ్యటి వైను అయితే చక్కెర లీటరుకు 45 గ్రాముల నుంచి మొదలవుతుంది. పోర్టు రకంలో 100 గ్రాములు కూడా ఉండవచ్చు, ఆల్కహాల్ కూడా ఎక్కువే ఉంటుంది. 15 శాతం ఉన్న పోర్టు 150 మి.లీ. తాగితే ఆల్కహాల్‌కు 125, చక్కెరకు 60, కలిపి 185. మన ఊళ్లలో మద్యం దుకాణాన్ని ‘వైన్స్’ అంటాం గానీ వైను తాగేవారు తక్కువ. ‘వైను ఆరోగ్యానికి మంచిది’ అన్న మాట విని కొత్తగా మొదలుపెట్టినవారు చాలాసార్లు తీసుకునేది చవకగా, తియ్యగా ఉండే ఈ పోర్టు రకమే. బరువు చూసుకునేవారికి అది సరైన ఎంపిక కాదు.

కల్లు గురించి కూడా అడుగుతారు. చెట్టు నుంచి దించిన నీరాలో సుమారు పది శాతం చక్కెర ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ అది పులిసి ఆల్కహాల్‌గా మారుతుంది. ఉదయం తీపి, సాయంత్రం పులుపు, మత్తు. తీపి తగ్గింది కనుక కేలరీలు కూడా తగ్గాయనుకోకండి. ఒక గ్రాము చక్కెర పులిస్తే దాదాపు అర గ్రాము ఆల్కహాల్ వస్తుంది. చక్కెరగా ఇచ్చే 4 కేలరీల స్థానంలో ఆల్కహాల్‌గా మూడున్నర మిగులుతాయి, పెద్ద తేడా లేదు. నీళ్లు కలపని కల్లును ఏ పూట తాగినా 100 మి.లీ.కు 40 కేలరీలుగా వేసుకోండి. ఇది దాదాపు లాగర్ బీరుతో సమానం. లేబుల్ లేని పానీయం కనుక ఇది ఉజ్జాయింపు మాత్రమే.

5. కలుపుకునే పానీయం లేబుల్ చదవండి

ఈ సీసాల మీద పోషక విలువల పట్టిక ఉంటుంది. అందులో ‘మొత్తం చక్కెర’ అన్న వరుసలో 100 మి.లీ.కు ఎన్ని గ్రాములో చూసి, మీరు గ్లాసులో పోసే పరిమాణానికి లెక్క వేసి, నాలుగుతో గుణించండి. కొన్ని సీసాల మీద 200 మి.లీ. వడ్డనకు ఎంతో కూడా రాస్తారు. దాన్ని చూసి సీసా మొత్తానికీ అంతేననుకోవడం మామూలుగా జరిగే తప్పు. 750 మి.లీ. సీసాలో అలాంటి వడ్డనలు దాదాపు నాలుగుంటాయి.

కోలా రకాలలో 100 మి.లీ.కు పది పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. 250 మి.లీ. చిన్న సీసా అంటే సుమారు 26 గ్రాములు, అంటే ఐదు చెంచాలు, 105 కేలరీలు. ప్యాకెట్ పండ్ల రసాలలో చక్కెర కలపలేదని రాసి ఉన్నా పండులోని చక్కెరే ఇంచుమించు అంత ఉంటుంది. ‘జ్యూసుతో కలిపితే మంచిది’ అన్నది బరువు లెక్కలో నిలవదు.

టానిక్ వాటర్ దగ్గర ఎక్కువమంది మోసపోతారు. చూడడానికి సోడాలాగే తెల్లగా, బుడగలతో ఉంటుంది. క్వినైను వల్ల చేదుగా ఉంటుంది కనుక అందులో చక్కెర ఉందని నాలుకకు తెలియదు. మామూలు టానిక్‌లో 100 మి.లీ.కు ఎనిమిది తొమ్మిది గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే కోలాకు కొంచెమే తక్కువ. జింజర్ ఏల్ కూడా ఇలాంటిదే. చక్కెర, కేలరీలు రెండూ లేనివి మంచినీళ్లు, మామూలు సోడా, డైట్ లేదా జీరో రకాలు. సోడాలో నిమ్మరసం, ఉప్పు వేసుకుంటే కేలరీలు పెద్దగా పెరగవు. బండి మీద కలిపి ఇచ్చే నిమ్మ సోడా, రంగు గోలీ సోడా అయితే చక్కెర పాకం పడుతుంది కనుక ముందే వద్దని చెప్పాలి. కొబ్బరినీళ్లు 100 మి.లీ.కు ఇరవై కేలరీల లోపే ఉంటాయి, మధ్యస్థంగా పనికివస్తాయి.

డైట్ కోలాతో కలుపుకునేవారికి ఒక హెచ్చరిక. చక్కెర ఉన్న పానీయం కడుపులో కాసేపు ఆగుతుంది, చక్కెర లేనిది త్వరగా పేగులలోకి దిగుతుంది. అందువల్ల అదే పెగ్గు డైట్ కోలాతో తాగినప్పుడు మత్తు ముందుగా, ఎక్కువగా ఎక్కవచ్చు. అందుకని నెమ్మదిగా తాగాలి, తాగి బండి ఏ పరిస్థితిలోనూ నడపకూడదు.

6. ఒక సాయంత్రాన్ని మొత్తంగా రాసి చూడండి

గ్లాసును గ్లాసుతో పోల్చడం వల్లనే ‘విస్కీ 143, బీరు 275, కనుక విస్కీయే మేలు’ అన్న తప్పుడు తీర్మానం వస్తుంది. ఎవరూ ఒక పెగ్గును ఒక బీరు సీసాతో మార్చుకోరు. ఒక సాయంత్రాన్ని ఇంకో సాయంత్రంతో మార్చుకుంటారు. కనుక సాయంత్రాన్నే ప్రమాణంగా తీసుకోండి.

వారానికి రెండు రోజులు తాగే ఒకరి లెక్క చూద్దాం. బుధవారం క్వార్టరు విస్కీ, మూడు గ్లాసులుగా. ఒక్కో గ్లాసులో 140 మి.లీ. కోలా పోస్తారు. విస్కీకి 428. మూడు గ్లాసుల కోలా 420 మి.లీ., అందులో చక్కెర దాదాపు 45 గ్రాములు, కేలరీలు 180. ఆ రాత్రికి మొత్తం 608. శనివారం స్నేహితులతో రెండు స్ట్రాంగ్ బీర్లు, 770. వారానికి కలిపి 1,378 కేలరీలు. చక్కెర గురించే భయపడే ఈ వ్యక్తి లెక్కలో చక్కెర నుంచి వచ్చినవి 180 మాత్రమే. బీరులోని పిండి పదార్థాలకు 190 పోగా, మిగిలిన వెయ్యికి పైగా కేలరీలు ఆల్కహాల్‌వే.

7. ఏది మారిస్తే ఎంత తగ్గుతుందో చూసుకుని మార్చండి

ఇదే వ్యక్తి కోలా స్థానంలో సోడా పోసుకుంటే వారానికి 180 తగ్గుతాయి. ఇది అన్నింటికన్నా తేలికైన మార్పు, ముందు దీనితోనే మొదలుపెట్టమంటాను. శనివారం స్ట్రాంగ్ బీర్లకు బదులు అదే సంఖ్యలో మామూలు లాగర్ తాగితే మరో 220 తగ్గుతాయి. అయితే మత్తు చాలలేదని మూడో సీసా తెరిస్తే 825 అయి, పాత లెక్కనే మించిపోతుంది. స్ట్రాంగ్ నుంచి లాగర్‌కు మారేవారు సంఖ్యను ముందే నిర్ణయించుకుని, అన్ని సీసాలే కొనాలి.

బీర్లు మానేసి శనివారం కూడా క్వార్టరుకు మారితే? సోడాతో 428. రెండు స్ట్రాంగ్ బీర్ల కన్నా 342 తక్కువ, నిజమే. కానీ ఆ తగ్గుదలకు కారణం విస్కీ తేలికైనది కావడం కాదు. రెండు స్ట్రాంగ్ బీర్లంటే నాలుగు పెద్ద పెగ్గులతో సమానం, క్వార్టరు అంటే మూడే. ఆ మేరకు ఆల్కహాల్ తగ్గింది, పిండి పదార్థాలు కూడా పోయాయి. క్వార్టరు దాటి నాలుగో పెగ్గు పోసుకున్న రోజు ఆ ఆదాలో దాదాపు సగం కరిగిపోతుంది.

అన్నింటికన్నా ఎక్కువ తగ్గేది పరిమాణాన్ని తగ్గించినప్పుడే. బుధవారం సోడాతో రెండు పెద్ద పెగ్గులు, 286. శనివారం ఒక లాగర్, 275. వారానికి 561. పాత లెక్కతో చూస్తే 817 కేలరీల తగ్గుదల. ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలకు సమానం కనుక, మిగతా తిండి మారకపోతే ఈ ఒక్క మార్పుతో రెండు నెలలు దాటాక ఒక కిలో తగ్గవచ్చు. ఒక్క కోలా మాత్రమే మార్చినవారికి అదే కిలోకు పది నెలలు పడుతుంది. ఈ అంకెలు ముందే తెలిస్తే మొదటి నెలలోనే నిరాశపడి వదిలేయరు.

తరచుగా జరిగే తప్పులు

మొదటిది, తాగే కేలరీలకు సరిపడా భోజనాన్ని మానేయడం. ఖాళీ కడుపున మత్తు త్వరగా ఎక్కుతుంది, అర్ధరాత్రి ఆకలేసి ఇంట్లో ఏది కనిపిస్తే అది తినేస్తారు. షుగర్ వ్యాధికి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి ఇది ప్రాణం మీదికి తెచ్చే తప్పు. ఆల్కహాల్‌ను అరిగించే పనిలో ఉన్న కాలేయం రక్తంలోకి చక్కెరను విడుదల చేయడం తగ్గిస్తుంది. తినకుండా విస్కీ, సోడా తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, అది తెల్లవారుజామున కూడా జరగవచ్చు. చెమటలు, తడబాటు కనిపిస్తే పక్కనున్నవారు తాగిన మత్తేననుకుని పట్టించుకోరు. ఈ మందులు వాడేవారు ‘చక్కెర లేని మద్యం’ అన్న మాటను నమ్మకుండా ముందు డాక్టరుతో మాట్లాడాలి.

రెండవది, నంజుకునేవాటిని లెక్కలో వేయకపోవడం. ఒక చిన్న ప్లేటు, అంటే 50 గ్రాముల వేయించిన పల్లీలు దాదాపు 290 కేలరీలు. రెండు పెద్ద పెగ్గులతో సమానం. సోడాతో పొదుపు చేసిన 180 ఒక్క ప్లేటుతో పోతుంది. కీరా ముక్కలు, ఉడికించిన గుడ్డు, నూనె లేకుండా కాల్చిన చికెన్ పెట్టుకుంటే లెక్క నిలుస్తుంది.

మూడవది, ఆల్కహాల్ లేని బీరును నీళ్లలా తాగడం. ఆల్కహాల్ లేదు కనుక మూడో దశ లెక్క సున్నా అవుతుంది, ఐదో దశ లెక్క మాత్రం ఉంటుంది. మాల్టు పానీయాలు కొన్నింటిలో కోలాకు దగ్గరగా చక్కెర ఉంటుంది. వాటి మీద పోషక పట్టిక ఉంటుంది కనుక చదివి కొనండి.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడం

తాగిన మరుసటి ఉదయం తూకం చూసి తీర్మానించకండి. ఆల్కహాల్ మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది కనుక కొందరికి మరునాడు బరువు తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గింది నీరు మాత్రమే. ఇంకొందరికి ఉప్పగా నంజుకున్నవాటి వల్ల నీరు నిలిచి, పెరిగినట్టు కనిపిస్తుంది. రెండూ నిజమైన మార్పులు కావు. వారంలో కనీసం నాలుగు రోజులు, నిద్ర లేచి మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తాగక ముందు తూచుకుని సగటు తీయండి. ఈ వారపు సగటును కిందటి వారపు సగటుతో పోల్చండి. నడుము చుట్టుకొలతను బొడ్డు దగ్గర టేపుతో నెలకు ఒకసారి చూసుకుంటే చాలు.

నాలుగు వారాలైనా సగటు కదలకపోతే ముందు రాసుకున్న పుస్తకాన్ని, ఖాళీ సీసాలను పక్కపక్కన పెట్టండి. పుస్తకంలో ఆరు పెగ్గులని ఉండి, ఖాళీ క్వార్టర్లు మూడు కనిపిస్తే మీ పెగ్గు 60 కాదు, 90. ఆరు పెగ్గులకు 858 కేలరీలు రాసుకున్న చోట నిజానికి 1,284 తాగారన్నమాట. అప్పుడు కప్పు తీసి మళ్లీ కొలవండి. చేయి నెల తిరిగేసరికి పాత అలవాటుకు జారుతుంది. మేనమామ గారు ఇప్పుడు స్టీలు గ్లాసు మానేసి, 60 మి.లీ. దగ్గర బయట గోళ్ల రంగుతో గీత పెట్టిన గాజు గ్లాసు వాడుతున్నారు.